మా అమ్మాయి టీచర్ మూత తీసిన సీసా

నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఇలా రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి.

ఎనభైల్లో మేము అమెరికాలో, షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక చర్చి హాల్లో నేను ఆవకాయ సీసాలు అమ్మేదాన్ని. మా అమ్మాయి డిజైన్ కాలేజీలో ఆఖరి ఏడాది. ఏదో ఒక వ్యాపారానికి గుర్తు, అక్షరాలు, రంగులు, లేబుల్, సంచి అన్నీ ఒకే తీరులో తయారు చేసి చూపించాలి. దాన్నే థీసిస్ అంటారు. అది పాసైతేనే డిగ్రీ. తను నా ఆవకాయనే తీసుకుంది.

మధ్యలో ఒకసారి టీచర్లకి చూపించాలని మూడు నిండు సీసాలు అడిగింది. నాకు భయం వేసింది. ఆవపిండి ఘాటు, వెల్లుల్లి వాసన ఆ గదిలో తెల్లవాళ్ళ ముక్కుకి తగిలితే పిల్ల పరువేం కావాలి? ఒకసారి లాండ్రీలో ఒకావిడ నా కోటు వాసన చూసి మొహం తిప్పుకోవడం నేను మర్చిపోలేదు. అందుకని క్యారెట్ ముక్కలు ఉడకబెట్టి, ఓట్స్ కలిపి, కెచప్ పోసి నింపాను. చూడ్డానికి అచ్చం ఆవకాయే. నూనె చుక్క లేదు. మూతకి టేపు చుట్టి, "తెరవకే, నూనె కారుతుంది" అని చెప్పాను. పిల్ల నమ్మింది.

సీసాలు రెండు వారాలు టీచర్ గదిలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఆవిడ రెండు పేజీల ఉత్తరం టైపు చేసి ఇచ్చింది. మా అమ్మాయి వంటింట్లో నిలబడి చదివి నాకు చెప్పింది.

"గుర్తు స్ట్రాంగ్‌గా ఉందట అమ్మా. కలర్ లేకుండా బ్లాక్‌లో ప్రింట్ చేసినా నిలబడుతుందట. లేబుల్, సంచి, బోర్డు, అన్నీ ఒకే ఫ్యామిలీలా ఉన్నాయట."

"మంచిదేగా."

"విను. స్మాల్ సైజ్ చేస్తే సన్న గీతలు పూడిపోతున్నాయట. అది ఫిక్స్ చేస్తా. నెక్స్ట్..." ఆగిపోయింది. "సీసా ఓపెన్ చేసిందట. బూజు పట్టిందట. పచ్చగా, వెంట్రుకల్లాగా. టేస్ట్ చేద్దామనుకుని వాసన చూసి మూత పెట్టేసిందట. ఇది పికిల్ కాదు, కెచప్ అంటోంది. లేని ప్రాడక్ట్‌కి డిజైన్ చేశావు, ఎవరు తింటారో, చేత్తో ఎలా పట్టుకుంటారో నువ్వు చూడలేదు అని రాసింది. త్రీ వీక్స్‌లో మళ్ళీ చేయకపోతే ఫెయిల్."

నేను గిన్నె తోముతూనే ఉన్నాను.

"అమ్మా, నువ్వేం పెట్టావు అందులో?"

చెప్పాను.

"నీ ఆవకాయ అంటే నీకే సిగ్గా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. సీసాలు వెనక్కి తెచ్చింది. ఒకటి తెరిచాను. పైన పచ్చటి బూజు, కింద పుల్లటి నీళ్ళు. సింక్ మీదకి వంగి కక్కుకున్నాను. టీచర్ ఆ వాసన పీల్చిందని తలచుకుంటే నా చేతులు నాకే రోతగా అనిపించాయి.

మర్నాడు నిజం ఆవకాయ కలిపాను. మూడో రోజు తిరగ కలిపి, పైకి తేలేలా నూనె పోశాను. అమ్మాయి లేబుళ్ళు అంటించింది. రబ్బరు సిమెంటు అనే జిగురు వాడేది. రెండు రోజులకే నూనె మూత దాటి కారింది. కాయితం జిడ్డోడుతూ జిగురు వదిలేసింది. లేబుల్ జారి కిందికి వచ్చేసింది.

"ఇలాగే అవుతుందా ఎప్పుడూ?"

"ఎప్పుడూ ఇంతే. చర్చిలో అందరూ ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని పోతారు."

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"చదువుకున్నదానివి, నీకు తెలియదా అనుకున్నా."

ఆదివారం నాతో చర్చికి వచ్చింది. కొనేవాళ్ళ వేళ్ళు, సంచులు, మూతలు అన్నీ ఫోటోలు తీసింది. ఒకావిడ "ఈ జిడ్డుని ఫోటో తీస్తావేంటే పిల్లా?" అని నవ్వింది. తర్వాత కాలేజీలో చట్రానికి సన్న గుడ్డ బిగించి, దాన్నే స్క్రీన్ అంటారు, అందులోంచి రంగు తోసి గుర్తుని సీసా గాజు మీదే అచ్చు వేసింది. గీతలు లావు చేసింది. నూనె తుడిస్తే పోయింది, గుర్తు పోలేదు.

పాసైంది. టీచర్ ఇచ్చిన రెండో ఉత్తరం అరపేజీ. ఇప్పుడు సీసా నిజంగా ఉంది, కానీ మూత మీద ఏమీ లేదు, అలమరలో పైనుంచి చూసేవాళ్ళకి ఏ సీసా ఏదో తెలియదు, అది ఇంకా సరిచేయాలి అని రాసింది.

డిగ్రీ ఇచ్చిన రోజు పులిహోర చేసి తీసుకెళ్ళాను. మా అమ్మాయి గిన్నె మూత తీసి, స్పూన్‌తో అడుగుదాకా కదిపి చూసింది.

"పులిహోరేనే" అన్నాను.

"తెలుసు అమ్మా" అంది. కానీ రెండోసారి కూడా కదిపింది.