బొర్రా దగ్గర దిగిన సెల్ఫీ

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో, ఆదివారాలు బొర్రా గుహల దగ్గర మా పిన్ని కాఫీ బడ్డీలో సాయం చేసేదాన్ని. మా వాళ్లలో ఆఫీసు మెట్లెక్కినవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఒకసారి సాఫ్ట్‌వేర్ కంపెనీ టీషర్టుతో ఒకాయన కాఫీకి వస్తే, మీ కంపెనీలో ఉద్యోగానికి నా పేరు సిఫార్సు చేస్తూ రిఫరల్ ఇస్తారా సార్ అని అడిగేశాను.

“జాబ్స్ యాప్‌లో నాకు రిక్వెస్ట్ పెట్టమ్మా, చూస్తాను” అని పేరు చెప్పి, నాతో సెల్ఫీ దిగి వెళ్లాడు.

ఆ యాప్‌లో డబ్బు కట్టనివాళ్లకి రిక్వెస్ట్‌తో పాటు నాలుగు మాటలు రాసుకునే అవకాశం నెలకి కొన్నిసార్లే. ఆ నెల నాకు మిగిలిన ఒక్క అవకాశాన్నీ ఆయనకే వాడేశాను.

వారం తర్వాత ఆ సెల్ఫీ అదే యాప్‌లో ఆయన పోస్టులో కనిపించింది. ‘కొండల్లో కాఫీ అమ్ముతూ కలలు కంటున్న గిరిజన బాలిక’ట! నాకు ఇరవై ఒకటి. నా పేరూ లేదు, నా చదువూ లేదు. ‘ఆమెకి రిఫరల్ ఇచ్చారా?’ అని ఎవరో కింద అడిగితే, లవ్ గుర్తు పెట్టి ఊరుకున్నాడు. నా రిక్వెస్ట్ మాత్రం ఇంకా పెండింగ్.

“ఆ బాబు ఏటన్నాడే గుంటా?” అంది పిన్ని.

“సూత్తానన్నాడు పిన్నీ.”

ఒళ్లు మండిపోయింది. అయినా ఆ పోస్టుకి లైక్ కొట్టాను, కొట్టినవాళ్ల జాబితాలోనైనా నా పేరు ఆయన కంట పడుతుందేమోనని.