పన్నెండుకు గది ఖాళీ

మా లాడ్జిలో ఒక్కో మనిషికి ఒక్కో పన్నెండు గంటలు ఉండేవి. మేనేజరుకు తెలిసినవాళ్లకు పన్నెండు అంటే సాయంత్రం దీపాలు పెట్టేవేళ. తెలియనివాళ్లకు పన్నెండు దాటి ఒక్క నిమిషమైనా ఇంకో రోజు అద్దె.

మా ఊరి బంగారు గని మూతపడి నాలుగైదేళ్లయిన తర్వాతి సంగతి ఇది. రాబర్ట్‌సన్‌పేటలో బస్టాండుకు దగ్గరగా ఇరవై రెండు గదుల లాడ్జి అది. నేను అందులో టెలిఫోను దగ్గర కూర్చునేదాన్ని. నాన్నకు గనిలో పని పోయింది. ఇంటికి జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అందుకని నోరు అదుపులో పెట్టుకొమ్మని అమ్మ రోజూ చెప్పి పంపేది. నాకేమో కోపం ముక్కుమీదే ఉంటుంది.

ఒకరోజు గౌనిపల్లి నుంచి ఆసుపత్రి పనిమీద వచ్చిన ముసలి దంపతులు గది వదలడం నలభై నిమిషాలు ఆలస్యమైంది. డాక్టరు ఆలస్యంగా చూశాడట. మేనేజరు వాళ్లదగ్గర పూర్తి రోజు అద్దె వసూలు చేశాడు. ఆ ముసలాయన లుంగీ మడతలోంచి నోట్లు తీస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను. అదే రోజు పైఅంతస్తులో ఒక బట్టల వ్యాపారి సాయంత్రం ఆరున్నరదాకా నిద్రపోయి, మేనేజరు భుజం తట్టి, ఒక్క రూపాయి ఇవ్వకుండా వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు యజమాని వచ్చినప్పుడు నేరుగా ఆయన ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాను.

ఆయన ముళబాగిలు వైపు మనిషి. తొందరగా నవ్వడు, తొందరగా తిట్టడు.

"నీకంత తెలిస్తే నువ్వే ఒక పద్ధతి రాసుకొని రామ్మా" అన్నాడు. "మేనేజరు ఎట్లాగూ ఈ నెల కడకు పని విడిచి పోతా ఉండాడు. ఈ నెల కౌంటర్లో నువ్వు కూర్చో. నీ పద్ధతి నిలిస్తే ఆ కుర్చీ నీదే. గెస్టులు గొడవపడి నా మొగాన పడితే మాత్రం బెంగళూరు నుంచి ఒక మగమనిషిని తెచ్చి పెడతా. నువ్వు మళ్లీ ఫోను దగ్గరికి పో."

మేనేజరు జీతం నా జీతానికి రెండింతలు. ఆ రాత్రి అమ్మకు చెబితే, "జాగ్రత్తగా ఉండవే" అని మాత్రం అంది.

పద్ధతి రాయడానికి ముందు నేను గదులు శుభ్రం చేసే ముగ్గురు ఆడవాళ్లతో కూర్చున్నాను. ఇన్నేళ్లలో వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. దుప్పట్లు మార్చి, బాత్రూము కడిగి, నేల తుడిచి, నీళ్ల జగ్గు పెట్టడానికి గదికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. ఎనిమిది తొమ్మిది గదులు ఒక్కసారి ఖాళీ అయితే ముగ్గురికీ రెండు గంటలు కావాలి. కాబట్టి పన్నెండుకు గది ఖాళీ చేయాలి, రెండుకు కొత్తవాళ్లకు ఇవ్వాలి అని రాశాను. తొందరగా వస్తే ఎట్లా? ఉదయం ఆరులోపు వచ్చి గది తీసుకుంటే ఆ గదిని రాత్రంతా వాళ్లకోసం అట్టిపెట్టినట్టే, ముందురోజు అద్దె పూర్తిగా. ఆరునుంచి తొమ్మిదిదాకా సగం. తొమ్మిది తర్వాత గది సిద్ధంగా ఉంటే ఊరికే. ఆలస్యంగా పోయేవాళ్లకు ఒంటిగంటదాకా ఊరికే, సాయంత్రం ఆరుదాకా సగం, ఆపైన పూర్తిరోజు. అదీ ఆ గది వేరెవరికీ మాట ఇవ్వకపోతేనే. మాట ఇచ్చి ఉంటే ఎంత డబ్బిచ్చినా పన్నెండుకు ఖాళీ. గది ఇవ్వలేనివాళ్లకు సామాను కౌంటరు వెనక పెట్టుకొనే చోటు, కింద ఒక స్నానాలగది, రెండూ ఊరికే.

ఇదంతా నాలుగు భాషల్లో కార్డు అచ్చు వేయించాం. వచ్చినవాళ్లందరికీ నేనే చదివి వినిపించి, కింద సంతకం తీసుకునేదాన్ని. మొదటివారం ప్రతిరోజూ తగాదా. "నేను ఎవరో తెలుసునా" అనేవాళ్లే అందరూ. అప్పుడే ఒకటి నేర్చుకున్నాను. కుదరదు అని మొదలుపెడితే మనిషి మొండికేస్తాడు. ఏమి ఇవ్వగలనో అది ముందు చెబితే సగం కోపం అక్కడే దిగుతుంది. నాలాంటి కోపిష్టిదానికి ఇది నేర్చుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

నెల ఆఖరులో ఒక బుధవారం వచ్చింది. తెల్లవారుజామున అయిదున్నరకు వ్యాను ఆగి పద్నాలుగుమంది దిగారు. పెళ్లివాళ్లు. గనిలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరై కొడుకు దగ్గరికి మద్రాసు వెళ్లిపోయిన పెద్దాయన, కూతురి పెళ్లి మాత్రం తాను బాప్తిస్మం తీసుకున్న చర్చిలోనే చేయాలని తిరిగి వచ్చాడు. రాత్రి రైలుకు బంగారుపేటలో దిగి వచ్చారు. అయిదు గదులు బుధవారానికి చెప్పుకున్నారు. ఆ సమయానికి ఖాళీగా ఉన్నవి రెండే.

"ఆ రెండిటి తాళాలు ఇవ్వమ్మా" అన్నాడాయన.

"ఇస్తా అప్పా. ఇప్పుడే తీసుకుంటే నిన్నటి రాత్రి అద్దె పడుతుంది" అన్నాను.

ఆయన గొంతు పెంచాడు. "నిన్నటిది నాకేల? నేను బుధవారానికి చెప్పినా. రాత్రి పన్నెండు కొడితే బుధవారం వచ్చేసినట్టే గదా. నన్ను మోసం చేయాలని చూస్తా ఉండావా?"

వెనకాల ఆడవాళ్లు సామాను మీద కూర్చుని ఆవలిస్తున్నారు. నేను కార్డు చూపించబోయాను. అంతలో మా నాన్న గుర్తొచ్చాడు.

"అప్పా, మంగళవారం రాత్రి షిఫ్టుకు మీరు గనిలోకి దిగినారనుకోండి. బుధవారం పొద్దున పైకొచ్చినారు. ఆ హాజరు ఏ రోజుకు రాసేవాళ్లు?"

ఆయన ముప్పై ఏళ్లు తానే రాసిన హాజరు అది.

"మంగళవారానికే" అన్నాడు మెల్లగా. "దిగిన రోజుకే."

"మా గది రాత్రి కూడా అంతే. ఇంగ అరగంట హాల్లో కూర్చోండి, కాఫీ తెప్పిస్తా. ఆరు కొట్టినాక తీసుకుంటే సగమే పడుతుంది. ఆడవాళ్లకు కింద స్నానాలగది ఇప్పుడే తెరుస్తా, దానికేమీ లేదు. తక్కిన మూడు గదులు రెండు గంటలకు నా పూచీ."

ఆయన నవ్వేశాడు. "యాడ నేర్చినావమ్మా ఇదంతా?" అని అడిగి, ఆరు కొట్టేదాకా కూర్చుని, రెండు గదులకు సగం చొప్పున కట్టి రసీదు తీసుకున్నాడు.

ఆ మూడు గదులు ఎక్కడివంటే, బెంగళూరు కాంట్రాక్టరు ఒకాయన తన మనుషులతో సోమవారం నుంచి నాలుగు గదులు పట్టుకొని ఉన్నాడు. యజమానికి పాత స్నేహితుడు. కార్డు మీద సంతకం చేశాడు. ముందురోజు సాయంత్రం గదికి ఫోను చేసి, రేపు పన్నెండుకు ఖాళీ గదా సార్ అని అడిగితే, "చూద్దాంలే" అన్నాడు. బుధవారం తొమ్మిదికి మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. పన్నెండుంబావుకు కిందికి దిగి వచ్చి, "పాపా, మేము అయిదుకు పోతాం. భోజనాలు పైకి పంపించు" అన్నాడు.

"సార్, మీ నాలుగు గదుల్లో ఒకటి సాయంత్రందాకా ఎవరికీ చెప్పలేదు. అది ఆరుదాకా సగం అద్దెకు పెట్టుకోండి. మీ నలుగురూ అక్కడ విశ్రాంతి తీసుకోవచ్చు, సామాను నేను చూసుకుంటా. తక్కిన మూడు పెళ్లివాళ్లకు మాట ఇచ్చినాము. అవి ఇప్పుడే కావాల."

"సగం అద్దెనా? నా దగ్గరా?" ఆయన చుట్టూ చూశాడు, హాల్లో అందరికీ వినపడేట్టు. "నీ ఓనరుకు ఫోను చేయనా?"

ఫోను నా చేతికిందే ఉంది, అది నా పాత చోటు. నేనే నంబరు తిప్పి రిసీవరు ఆయనకు ఇచ్చాను. ఆయన మాట్లాడి నవ్వుతూ తిరిగి నాకిచ్చాడు.

"ఇచ్చేయమ్మా, ఆయన మనవాడు" అన్నాడు యజమాని. "పెండ్లోళ్లను ఇంగెక్కడన్నా సర్దు."

"సర్దడానికి గది లేదు సార్. పెండ్లికూతురు నాలుగింటికి చర్చిలో ఉండాల. పద్నాలుగుమంది రెండు గదుల్లో ఉండారు. పొద్దున పెండ్లికూతురి నాయన దగ్గర సగం అద్దె తీసుకున్నా. ఈయనకు ఊరికే ఇస్తే ఆయన దుడ్డు వాపసు ఇవ్వాల. మీరే వచ్చి ఇవ్వండి సార్, నాకు మొగం చెల్లదు."

"వస్తా ఉండా" అని యజమాని ఫోను పెట్టేశాడు. అయిపోయింది, కుర్చీ పోయింది అనుకున్నాను. ఏడుపు వచ్చినంత పనైంది. ఏడిస్తే ఆ కాంట్రాక్టరు ఎదుట ఏడవాలి, అందుకని రిజిస్టరు తెరిచి ఏదో రాస్తున్నట్టు కూర్చున్నాను.

పావుగంటలో యజమాని వచ్చాడు. ఆయన లోపల అడుగు పెట్టేసరికి పెళ్లికూతురికి జడ వేసే ఆవిడ పూలబుట్టతో మెట్లమీద నిలబడి ఉంది, కూర్చోబెట్టడానికి చోటు లేక. ఫోర్‌మన్ రసీదు పట్టుకొని కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, పొద్దున నేనూ ఈయమ్మతో గలాటా చేసినా" అన్నాడు. "నా హాజరు నాకే చెప్పింది. మారు మాట లేకుండా కట్టినా. మా గనిలో ఇంజనీరుకొక హాజరు, కూలోడికొక హాజరు ఉండేది కాదు. మీ దాంట్లో ఉంటే చెప్పండి, మేము వేరే జాగా చూసుకుంటాము."

యజమాని రసీదు తీసుకుని చదివాడు. తర్వాత నా దగ్గరున్న కార్డు అడిగి, కాంట్రాక్టరు సంతకం చూశాడు.

"మూడు గదులు ఖాళీ చేయించురా" అన్నాడు స్నేహితుడితో. "ఆడబిడ్డ పెండ్లి."

కాంట్రాక్టరు మొహం గంటు పెట్టుకొని పైకి వెళ్లాడు. ఒంటిగంటకల్లా మూడు గదుల సామాను నాలుగో గదిలోకి చేరింది. గదులు శుభ్రం చేసే ముగ్గురు ఆడవాళ్లూ చీరకొంగులు బిగించి పరుగెత్తారు, నేనూ వెళ్లి దుప్పట్లు పరిచాను. రెండుకు పది నిమిషాలు ఉండగానే మూడు తాళాలూ ఫోర్‌మన్ చేతిలో పెట్టాను. మూడున్నర దాటాక పెళ్లికూతురు తెల్లచీరలో మెట్లు దిగింది. నాకు ఏమీ కాదు ఆ అమ్మాయి, అయినా నేనే పెళ్లి చేసినంత సంతోషం వేసింది.

అయిదున్నరకు కాంట్రాక్టరు దిగి వచ్చాడు. యజమాని హాల్లోనే సోఫాలో కూర్చుని ఉన్నాడు, ఆ పూట ఎక్కడికీ పోలేదు. కాంట్రాక్టరు నన్ను దాటి ఆయనవైపు తిరిగాడు.

"ఆ ఒక్క గదికి కూడా కట్టాల్నా?"

"నన్ను అడగద్దు" అన్నాడు యజమాని పేపరు మడుస్తూ. "మేనేజరును అడుగు."

మేనేజరు ఎక్కడున్నాడా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. వెనక తాళాల బోర్డు తప్ప ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగేసరికి కాంట్రాక్టరు కౌంటరు మీద పర్సు తెరిచి పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఎంతమ్మా, మేనేజరమ్మా?" అన్నాడు.

హాల్లో అందరికీ వినపడేట్టు చెప్పాను.