పంపినవారినే అడగమంది

పెద్దల సంఘం గదిలో, ఫోన్లలోని ఫోటోలు భద్రపరచుకోవడం గురించి మాట్లాడమని రిటైరైన డ్రిల్లు మాస్టారికి పది నిమిషాలిచ్చారు. ఐదో నిమిషానికే ముందు వరుస కునుకు తీస్తోంది. "చాట్‌లో ఉందంటే దాచుకున్నట్టు కాదు!" అని మైదానంలో అరిచినట్టే అరిచినా ఒక్కరూ కదల్లేదు. ఇక లాభం లేదని ఆయన పరువు పక్కనపెట్టి తన గోడు వెళ్ళబోసుకున్నారు.

"ఫోను నిండిపోయిందని పోయిన నెల ఫోటోలన్నీ తుడిచేశాను. చాట్‌లో ఉన్నాయిలే అని ధీమా. అందులో మా ఆవిడ పకపకా నవ్విన ఫోటో ఒకటుంది. ఆవిడ పోయాక నాకదే మిగిలింది. నొక్కితే తెరుచుకోలేదు. పంపినవారినే మళ్ళీ పంపమని అడగమంది ఫోను. పంపిందెవరు? మా మరదలు! కుక్కర్ విషయంలో గొడవై మూడేళ్ళుగా మాకు మాటల్లేవు."

ముందు వరుస కళ్ళు తెరిచింది. "ఫోన్ చేశారా మరి?" అన్నారెవరో.

"చేశాను. 'తప్పు నీదేనని ఒప్పుకో బావా, పంపిస్తా' అంది. నాచేత మూడుసార్లు అనిపించి పంపింది. ఆ రోజే కంప్యూటర్‌లో ఒక కాపీ ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో ఇంకోటి వేసి మా అమ్మాయి ఇంట్లో పెట్టాను."

గది నవ్వులతో దద్దరిల్లింది. మాస్టారు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశారు. అంతలో వెనక నుంచి బట్టలు కుట్టే పెద్దమ్మ ఫోను పట్టుకుని అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ముందు నాది చూడండి మాస్టారూ. నాకు నలుగురితో మాటల్లేవు!"