ఆయమ్మ భుజం మీది తువ్వాలు

“ఈ తువ్వాలు ఎన్ని మొహాలు తుడుస్తుంది?”

డాక్టరమ్మ అలా అడిగినప్పుడు ఆయమ్మ మెచ్చుకోలు అనుకుంది. “క్లాసు మొత్తానికీ ఇదొక్కటేనమ్మా” అంది, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ. “తుడిచిన ప్రతిసారీ కుళాయి కింద జాడిస్తాను. కావాలంటే వాసన చూడండి.”

డాక్టరమ్మ వాసన చూడలేదు. తువ్వాలు కొసని రెండు వేళ్లతో పట్టుకుని, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించింది. తన తువ్వాలుని ఎవరైనా అలా పట్టుకోవడం ఆయమ్మ అంతకుముందు చూడలేదు.

బడి ఆయాల గురించి ఎవరు రాసినా ‘తల్లిలాంటిది’ అని మొదలుపెడతారు. తల్లులు తప్పే చెయ్యరన్నట్టు! ఆ మాట ఇక్కడ వద్దు. ఈవిడ ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడిచేది, బూట్ల తాళ్లు కట్టేది, మరుగుదొడ్డి దాకా తీసుకెళ్లి తీసుకొచ్చేది. జీతానికి చేసింది, బాగా చేసింది. అంతకుముందు చాలా ఏళ్లు ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికింది. మోకాళ్లు మొరాయించాక బడికి వచ్చింది. మధ్యాహ్నం తిండి బెల్లు మోగగానే ఆమె గుమ్మంలో నిలబడేది. పిల్లలు వరసగా వచ్చి గడ్డాలు పైకెత్తి, కళ్లు మూసుకునేవాళ్లు. తడి తువ్వాలుతో ఒక్క తుడుపు, బుగ్గ మీద చిన్న గిల్లు, తరవాతివాడు. “మీ క్లాసు పిల్లలు అద్దంలా ఉంటారు” అని పెద్ద టీచరమ్మ అన్నప్పుడల్లా ఆమె వినిపించనట్టు నటించి, ఇంటికెళ్లి కూతురికి చెప్పేది.

ఆ క్లాసులోనే మనవడు. ఆయమ్మ పనిచేస్తోంది కాబట్టి సగం ఫీజు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పొద్దునే మిషన్ ముందు కూర్చునే ఉద్యోగం కూతురిది. ఒక్కరోజు మానేస్తే ఆ రోజు జీతం గల్లంతు. వాడి చెల్లెలు పసిది, దాన్ని పక్కింటావిడ చూస్తుంది. “ఒకరినంటే చూస్తాను గానీ ఇద్దరినా, నేనేం సర్కసు నడుపుతున్నానా?” అని ఆవిడ ముందే తేల్చేసింది. అంటే మనవడు బడికి వెళ్లి తీరాలి. ఒంట్లో బాగోకపోయినా.

వాడి ముక్కు కింద చిన్న పొక్కు లేచింది. పగిలింది. దాని మీద ఎండిన తేనెలాంటి పసుప్పచ్చని చెక్కు కట్టింది. మందుల షాపతను చూసి చిన్న ట్యూబు ఇచ్చాడు. “ముపిరోసిన్. చెక్కుని సబ్బునీళ్లతో నానబెట్టి తీసి, పలచగా రాయి. రోజుకి మూడుసార్లు. అయిదు రోజులు, మధ్యలో ఆపకు. అంటుకునే రకంలా ఉంది, డాక్టరుకి కూడా చూపించు.”

చివరి మాట ఆయమ్మకి స్పష్టంగానే వినపడింది. కానీ అంటుకునే జబ్బుంటే పిల్లల్ని ఇంటికి పంపెయ్యాలని బడిలో నియమం. ఆ పంపే పని చేసేది తనే. తలలో పేలున్నవాళ్లనీ, కళ్లకలక వచ్చినవాళ్లనీ చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది తనే. ఆ తెల్లారి మనవడి ముక్కు కింద పౌడరు అద్ది క్లాసులో కూర్చోబెట్టింది.

రెండు రోజులకి చెక్కు ఊడింది. మందు ఆపేసింది. సగం మిగిలిన ట్యూబుని ఏప్రాన్ జేబులో వేసుకుంది. ఉన్న మందు పారెయ్యడం ఆమె వల్ల కాదు.

ఆ తరవాత క్లాసులో ఒకడి గడ్డం మీద, ఇంకొకత్తి చెవి వెనక అవే పొక్కులు. ఆయమ్మ వాళ్లని నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లి, జేబులోంచి ట్యూబు తీసి, ఒకే వేలితో ఒకరి తరవాత ఒకరికి అద్దేది. “టీచరుకి చెప్పకండ్రా, మీకు మంట పుట్టే మందు రాస్తారు” అని బెదిరించేది. వైద్యం చేస్తున్నానని తనకి తను చెప్పుకుంది. నిజానికి మనవడి పేరు బయటికి రాకుండా మూత వేస్తోంది. ఆ సంగతి అప్పుడే తెలుసని తరవాత ఆమే ఒప్పుకుంది.

బడి గేటు పక్కన పళ్లమ్మే ఆమె కూతురుంది, బూరెబుగ్గల పిల్ల. అందరికంటే దానికి ఎక్కువగా వచ్చాయి. మొదట మోకాలి మీద, తరవాత పిక్కల మీద, చేతుల మీద.

“ఏంటక్కా ఇది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లనా?” అని పళ్లమ్మ అడిగింది.

“దేనికే డబ్బు తగలేస్తావు? నేను రాస్తున్నాగా మందు. మా వాడికి దీంతోనే తగ్గింది.”

పళ్లమ్మ నమ్మింది. బుట్టలోంచి మంచి పండు ఏరి చేతిలో పెట్టింది. ఆయమ్మ తీసుకుంది. తరవాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకి ముందు ఆ పండే గుర్తొచ్చేది.

పిల్లకి జ్వరం వచ్చింది. క్లాసులో మరికొందరికి పుండ్లు లేచాయి. తల్లిదండ్రులు పెద్ద టీచరమ్మ గది ముందు మూగారు. ఎక్కువ పుండ్లు ఎవరికుంటే మొదట తెచ్చిందీ వాళ్లేనని తేల్చెయ్యడానికి జనానికి ఎంతోసేపు పట్టదు.

“రోడ్డు పక్కన దుమ్ములో పెరిగే పిల్లని మా పిల్లల మధ్య కూర్చోబెడితే ఇంకేమవుతుంది?” అన్నాడు ఒక తండ్రి.

“టీసీ ఇచ్చి పంపెయ్యండి, పీడా పోతుంది” అంది ఇంకొకామె.

పళ్లమ్మ కూతుర్ని చంకలో వేసుకుని అక్కడే నిలబడి ఉంది. “మా పిల్ల రోజూ స్నానం చేస్తుందండీ” అని తప్ప ఆమెకి ఇంకో మాట రాలేదు. ఆయమ్మ గుమ్మం పక్కనే ఉంది. చేతులు ఏప్రాన్ జేబులో, వేళ్లు ట్యూబు మీద.

పెద్ద టీచరమ్మ పిలిస్తే డాక్టరమ్మ వచ్చింది. వరండాలో బల్ల వేయించి, పిల్లల్ని ఒక్కొక్కరినే చూసింది. “ఇంపెటిగో. చర్మం మీద వచ్చే సూక్ష్మజీవి జబ్బు. గీరుకున్నచోట, ముక్కు కారి ఒరుసుకుపోయినచోట దూరుతుంది. దీనికి కులం గోత్రం లేవు” అంది, దుమ్ము గురించి మాట్లాడిన తండ్రి వంక చూస్తూ.

పై తరగతి కుర్రాడొకడికి ఒక్కటే పుండు. వాడికి ముపిరోసిన్ పూత రాసిచ్చింది. పళ్లమ్మ కూతురికీ, ఆ క్లాసులో పుండ్లున్న మిగతావాళ్లకీ సెఫాలెక్సిన్ సిరప్. ముందు ప్రతి తల్లినీ అడిగింది, పిల్లలకి పెన్సిలిన్ గానీ ఇంకేదైనా మందు గానీ పడకపోవడం ఉందా అని. తరవాత బరువు తూచింది, మోతాదు దాన్నిబట్టే.

“అందరికీ సిరప్పే రాసెయ్యొచ్చుగా మేడం?” అన్నాడు ఆ తండ్రే.

“ఒక్క పుండుకి ఒళ్లంతా మందు ఎందుకు పట్టించాలి? కడుపు పాడవుతుంది. అవసరం లేనిచోట వాడితే సూక్ష్మజీవి ఆ మందుకి అలవాటు పడి మొండికేస్తుంది. ఒకటో రెండో అయితే పైపూత చాలు. పుండ్లు చాలా ఉన్నా, ఇలా ఒకే గదిలో ఇంతమందికి అంటుకున్నా కడుపులోకి మందు పోవాలి. వారం రోజులు, సీసాలో మిగిల్చకుండా.”

ఆయమ్మ ఉండబట్టలేకపోయింది. “ఆ పిల్లకి కూడా పూత సరిపోతుందేమోనమ్మా. కొంచెం కొంచెం తగ్గుతోంది కదా...”

డాక్టరమ్మ తలెత్తింది. “నీకెలా తెలుసు?”

అప్పుడే భుజం మీది తువ్వాలు ఆమె కంటపడింది. అప్పుడే ఎన్ని మొహాలు తుడుస్తుందని అడిగింది.

తువ్వాలు సంచిలోకి వెళ్లాక ఆయమ్మకి లాడ్జి గుర్తొచ్చింది. ఎవడు పడుకున్నాడో తెలియని దుప్పటిని మరిగే నీళ్లలో వేసి ఉడకబెట్టేది. పసిమొహాలు తుడిచే గుడ్డని మాత్రం చన్నీళ్లలో జాడించి, తడితడిగా భుజాన వేసుకుంది. మురికిగా కనబడలేదు కాబట్టి మురికి అనుకోలేదు.

అక్కడితో ఆగిపోతే అది తెలియక చేసిన పొరపాటు. అందరూ అయ్యో పాపం అనేవాళ్లు. అలా అనిపించుకునే దారి తెరుచుకునే ఉంది. “పాపం, ఆయమ్మకేం తెలుస్తుంది” అని పెద్ద టీచరమ్మ అననే అంది.

“టీసీ సంగతి మాత్రం తేల్చండి” అంది ఇందాకటామె. “గుడ్డకి ఎక్కించిందైతే ఆ పిల్లేగా?”

ఆయమ్మ జేబులోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. “ముందు వచ్చింది మా వాడికి. నాకు తెలుసు. పౌడరు రాసి తెచ్చాను. వీళ్లకి ట్యాంకు వెనక ఇదే రాశాను. ఆ పిల్లని డాక్టరుకి చూపించొద్దన్నదీ నేనే.”

పళ్లమ్మ ఆమె వంక చూసింది. “మా పిల్ల జ్వరంతో మూలుగుతుంటే కూడా నీ నోరు పెగల్లేదా అక్కా?”

టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మనవడికి కొత్తగా రెండు లేచాయి, మధ్యలో ఆపేసినందుకు. వాడికీ సిరప్. ఇంట్లో పసిదానికి పెదవి కింద ఒక్కటి. దానికి పూత. ఆ సాయంత్రం కూతురు నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

“ఊళ్లోవాళ్ల దుప్పట్లు ఉడకబెట్టావు గదమ్మా, మనవడి దిండు గలీబుకి చెంబెడు వేణ్ణీళ్లు దొరకలేదా?”

“నీ జీతం పోతుందని...”

“నా మీదికి తొయ్యకు.”

అదీ నిజమే. ఆయమ్మ తొయ్యడం మానేసి పొయ్యి వెలిగించింది. దుప్పట్లు, గలీబులు, వాడి చొక్కాలు వేణ్ణీళ్లలో ఉతికి ఎండలో వేసింది. తలా ఒక తువ్వాలు, తగిలించడానికి గోడకి తలా ఒక మేకు. పిల్లలిద్దరి గోళ్లు కత్తిరించింది. ఒకే పరుపు మీద కలిసి పడుకునే ఇద్దరినీ విడదీస్తే వాడు “నేనేమన్నా దొంగనా?” అని ఏడ్చాడు. మందు రాసే ముందూ తరవాతా సబ్బుతో చేతులు కడుక్కుంది. పుండు మీద పలచని కట్టుగుడ్డ కప్పింది. పసిదానిది మూడో రోజుకే మానినట్టు కనిపించింది. ఈసారి అయిదు రోజులూ రాసింది.

మందు మొదలుపెట్టి ఒక రోజు గడిచాక, పుండ్లు కప్పి, పిల్లల్ని బడికి రానిచ్చారు. మొహం ఉబ్బినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా వెంటనే తీసుకురమ్మని డాక్టరమ్మ తల్లులకి చెప్పింది. ఈ జబ్బు అరుదుగా, కొన్ని వారాలకి, మూత్రపిండాల మీదికి వెళ్తుందట. అది విన్నది మొదలు ఆయమ్మ మరుగుదొడ్డి తలుపు దగ్గర కాపలా. “ఏ రంగులో వచ్చిందిరా?” అని ప్రతివాణ్ణీ అడిగేది. “ఆకుపచ్చ!” అని ఒకడు, “ఇంద్రధనుస్సు!” అని ఇంకొకడు. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. బూరెబుగ్గల పిల్లని మాత్రం ఆమె అడగలేకపోయేది. అది బయటికి వచ్చాక, ఎవరూ చూడకుండా లోపలికి తొంగి చూసేది. రంగేమీ తేడాగా లేదు. అయినా మర్నాడు మళ్లీ చూసేది.

ఉద్యోగం పోలేదు. గుమ్మం దగ్గర ఇప్పుడు కాగితపు రుమాళ్ల పెట్టె ఉంది, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, తుడిచి చెత్తబుట్టలోకి. పిల్లల మొహాలు ముట్టుకోవద్దని ఆయమ్మకి చెప్పారు. పిల్లలకి ఎవరూ చెప్పలేదు. బెల్లు మోగగానే వచ్చి, గడ్డాలు పైకెత్తి, కళ్లు మూసుకుని ఆమె ముందు నిలబడేవాళ్లు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని, “పెట్టెలోంచి తీసుకో నాన్నా” అనేది. కళ్లు తెరిచి చూసే ఆ మొదటి చూపు తప్పించుకోవడానికి ఆమె తల తిప్పుకునేది.

సెలవులకి ముందు ఆయమ్మ గేటు దగ్గర పళ్లమ్మ బండి ముందు ఆగి, “తప్పయిపోయిందే” అంది.

“ఆ మాటతో నేనేం చేసుకోను? సిరప్ డబ్బివ్వు. పిల్లతో ఇంట్లో కూర్చున్న మూడు రోజుల బేరం ఇవ్వు.”

ఆయమ్మకి అదే తేలిగ్గా అనిపించింది. సిరప్ డబ్బు ఆ నెల జీతంలోంచి ఇచ్చేసింది. మూడు రోజుల బేరంలో ఒక రోజుది ఇచ్చింది. రెండు రోజులది ఇంకా బాకీ ఉంది.