పద్నాలుగో వాసం

మే నెల ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం మూడింటికి జంపయ్య ఇంటి కప్పు సగం లేచి పక్క చేనులో పడింది. గోదావరి మీదుగా వచ్చిన గాలి ముందు పెంకులను పేకముక్కల్లా చిమ్మింది. తర్వాత దూలం విరిచింది, పదకొండు వాసాలను గోడల నుంచి పీకింది. జంపయ్య, భార్య రామక్క మంచం కింద ఉండబట్టి బతికారు. పది నిమిషాల్లో గాలీ వానా ఆగాయి. ఇంట్లో నిలబడి తల ఎత్తితే ఆకాశం కనపడుతోంది.

జంపయ్య ముప్పై ఏళ్లు అటవీ శాఖ కలప డిపోలో వాచర్‌గా పనిచేసిన మనిషి. డిపోలో ప్రతి దుంగకూ నంబరు ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ప్రతి దుంగనూ గొడ్డలి మొద్దు వైపుతో కొట్టి వినాలి. గట్టి కర్ర ఖంగుమంటుంది, చెదలు తిన్న కర్ర డొల్లగా మూలుగుతుంది. పదవీ విరమణ చేశాక దుమ్ముగూడెం దగ్గర సొంత ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు. వేలంలో కొన్న టేకుతో వాసాలు వేయించాడు, రసీదు దాచుకున్నాడు. ఇరవై ఎనిమిది వాసాలకూ డిపో దుంగలకు వేసినట్టే తెల్ల పెయింటుతో నంబర్లు వేశాడు. ఊళ్లో నవ్వారు. సొంత ఇంటికే కాపలా కాస్తున్నాడన్నారు. ఆయన పట్టించుకోలేదు. ఉగాదికి ఒకసారి, వానలయ్యాక ఒకసారి నిచ్చెన వేసి కొట్టి, విని, బడి పిల్లల నోటుపుస్తకంలో రాసుకునేవాడు. చెదల మందు పట్టించిన రోజున దాన్ని భద్రాచలంలో కొన్న బిల్లును అదే పేజీకి పిన్ను చేసేవాడు.

కప్పు వేయించడానికి బ్యాంకులో తీసుకున్న అప్పుతోపాటు ఒక ఇంటి బీమా కూడా వచ్చింది. బ్యాంకులో సంతకాల కోసం చూపించే కాగితాలు ఎవరూ చదవరు, చదవమని ఎవరూ చెప్పరు. వాటిని చదివింది కూతురు భవాని, గాలి ఆగిన గంట తర్వాత, తడిసిన పెట్టెలోంచి తీసి. పరిహారం ఇచ్చే వాటిలో తుపాను, వరద, పిడుగు ఉన్నాయి. చెదలు, చెమ్మ, బూజు, కాలక్రమంలో వచ్చే శిథిలావస్థ లేవు. ఆ రెండో వరుస చదువుతుంటే ఆమె గొంతు తగ్గింది. పాలసీ డబ్బు రాకపోతే ఎకరంన్నర చేను తాకట్టు పెట్టాలి. జూన్‌లో వానలొస్తే ఆ ఇంట్లో ఉండడమెట్లా అన్నది ఇంకో ప్రశ్న.

ఫోనులో కంపెనీ వాళ్లు విరిగినవేవీ కదపొద్దనీ, ఫోటోలు తీసి పెట్టమనీ, నష్టం లెక్కగట్టే సర్వేయరు రేపు పదకొండింటికి వస్తాడనీ చెప్పారు. భవాని ఫోను పెట్టేసి బయటికి చూసింది. ఇరుగుపొరుగు సాయం చేస్తూ అప్పటికే వాకిలి శుభ్రం చేసేశారు.

అప్పుడు మొదలైంది పరుగు. విరిగిన వాసాలు పదకొండు, వాకిట్లో మిగిలినవి నాలుగు. తండ్రీ కూతుళ్లు వీధి పట్టుకున్నారు. చేనులోంచి మూడు మోసుకొచ్చారు. కాలువ గట్టున ఒకటి దొరికింది. రెండింటిని పొరుగునున్న బిచ్యా అప్పటికే మేకల దొడ్డికి గుంజలుగా పాతేశాడు.

“నీ ఇల్లు కూలిందని నా మేకలకు ఇల్లు కట్టిన. మళ్ల పీకమంటవేంది బావా?” అన్నాడు బిచ్యా.

“నంబరు చూసి పీకు. పన్నెండు, ఇరవై,” అన్నాడు జంపయ్య.

బిచ్యా గొణుగుతూనే పీకాడు, తనే భుజాన మోసుకొచ్చాడు కూడా. మిగిలింది పదిహేడో నంబరు వాసం. దాని జాడ అడిగితే రామక్క పొయ్యి వైపు చూపించింది. సాయానికొచ్చిన వాళ్లకు చాయ్ కాచింది దానితోనే. పొయ్యిలోంచి మూరెడు మొద్దు బయటికి లాగారు. నంబరు సగం మిగిలింది. చీకటి పడేసరికి పదకొండూ వాకిట్లో నంబర్ల వరుసన పడుకున్నాయి.

పొద్దున భవాని నోటుపుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది. ఉగాది నాటి రాత. “14. మూలిగింది. చెదలు. వంటింటి వైపు. మార్చాలె.” చింపడానికి ఆ పేజీ అంచు పట్టుకుంది. జంపయ్య పుస్తకం లాక్కున్నాడు.

“ఇది సర్వేయరు చూస్తే మొత్తం పోతది నాయినా. ఒక్క పేజీనే గద.”

“ఏడాదికి రెండు పేజీలు వరుసల ఉన్నయి. ఈ ఉగాదిది లేకుంటే, అదెందుకు లేదని అడగడా? అప్పుడు తక్కిన ఇరవై ఏడు వాసాల రాత ఎవరు నమ్ముతరు?”

ఆమె ఏడుస్తూ లోపలికి వెళ్లింది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

సర్వేయరు జయప్రకాశ్ ఖమ్మం నుంచి కారులో వచ్చాడు. వచ్చీ రాగానే కాలికి తగిలిన ముక్కను తిప్పాడు. లోపలంతా చెదలు కట్టిన మట్టి గొట్టాలు. అది పద్నాలుగే. అతని ముఖం అక్కడే ముడుచుకుంది. చెదలు తిన్న ఇల్లు ఎప్పటికైనా కూలేదే పెద్దాయనా, గాలి ఒక సాకు, ఇదే కంపెనీ అంటుంది అన్నాడు.

జంపయ్య లేచాడు. “అవ్ సారు. పద్నాలుగు చెదలు తిన్నది. ఉగాదికే నేను రాసిన. మార్చక ముందే గాలొచ్చింది. దానికి ఇయ్యొద్దు. మిగతావి చూడు.”

సర్వేయరు పుస్తకం అందుకున్నాడు. మొదట నిలబడి చదివాడు, తర్వాత మంచం మీద కూర్చున్నాడు. ఆరేళ్లు, ఏడాదికి రెండు పేజీలు, పిన్ను చేసిన మందు బిల్లులు. ఒక్కసారిగా తల ఎత్తి పదకొండో నంబరు వాసం కొడితే ఏమందని అడిగాడు. జంపయ్య పుస్తకం చూడకుండానే, ఖంగుమంది అన్నాడు. రంపం తెప్పించి ఆ వాసాన్ని అడ్డంగా కోయించారు. లోపల బంగారు రంగులో, నూనె వాసనతో గట్టి టేకు. తర్వాత ఇరవై, తర్వాత తొమ్మిది. ప్రతిసారీ పుస్తకంలో ఉన్నదే కర్రలో ఉంది. పదిహేడు కాలిన చివర గీకినా గట్టిదే.

ఇప్పుడు పరుగు సర్వేయరుది. నిచ్చెన ఎక్కాడు. వాసాలను గోడకు పట్టిన ఇనుప పట్టీలు కిందికి వంగలేదు, పైకి వంగి ఉన్నాయి. బరువుకు కుంగితే కిందికి వంగాలి. గాలి కింద నుంచి ఎత్తిందన్నమాట. దూలం కూడా పద్నాలుగు వైపు కాకుండా రెండో కొసన చీలింది. అతను ఫోటో తర్వాత ఫోటో తీశాడు, కొలతలు గట్టిగా చదువుతుంటే భవాని రాసింది. దారిలో పడ్డ చెట్ల ఫోటోలు తీశాడు, తహసీల్దారు ఆఫీసు నుంచి గాలివాన వచ్చిందని రాసిన కాగితం తెచ్చిపెట్టమన్నాడు.

వంటింటి గోడ మీద నల్లటి బూజు దగ్గర ఆగాడు. అతను అడగకముందే జంపయ్య చెప్పాడు, అది మూడేళ్ల చెమ్మ, నిన్నటి వానకు రాలేదని. సర్వేయరు నవ్వాడు.

“గిట్ల చెప్పేటోళ్లుంటే నా పని గంటల అయిపోతది. కానీ పెద్దాయనా, నేను రాసేది రిపోర్టు. ఇచ్చేది కంపెనీ.”

ఆ మాట తర్వాత దాదాపు మూడు వారాలు ఆ ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. టార్పాలిన్ కింద వంట, మబ్బు కనపడితే సామాన్లు మూలకు జరపడం. జూన్ పన్నెండున భవాని ఫోనుకు ఉత్తరం వచ్చింది. పది వాసాలు, దూలం, పెంకులు, కూలి ఆమోదించారు. పద్నాలుగో వాసం, వంటింటి గోడ తోసిపుచ్చారు. ఆమె రెండుసార్లు చదివి, మూడోసారి అరిచినట్టు చదివింది. రామక్క చేను వైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాలుగు రోజుల తర్వాత దూలం ఎక్కింది. పడమట మబ్బు కమ్ముతుంటే బిచ్యాతో సహా వీధంతా పెంకులు అందించింది. చివరి వరుస పరుస్తుండగానే మొదటి చినుకులు పడ్డాయి. జంపయ్య కప్పు మీదే తడుస్తూ నిలబడి, లోపల ఎక్కడైనా కారుతోందా అని రామక్కను మళ్లీ మళ్లీ అడిగాడు. వంటింటి గోడ దగ్గర తప్ప ఎక్కడా లేదని ఆమె కింది నుంచి చెప్పింది. పద్నాలుగో వాసం లాగే ఆ గోడ సంగతి కూడా తన పింఛనుతో చూసుకుంటానంటూ ఆయన నిచ్చెన దిగాడు.