రెండు షెడ్లకు సగం సగం నీళ్లు

మా షెడ్ల లోపల ఎప్పుడూ వాన పడలేదు. వఫ్రా ఎడారి తోటల్లో చలికాలం నాలుగు చినుకులు రాలినా ప్లాస్టిక్ కప్పు మీద టపటపలాడి పక్కకు జారిపోయేవి. లోపలి మట్టికి దక్కేది మా బోరు ఉప్పునీళ్లూ, అందులో కలిపే ఎరువూ మాత్రమే. మొక్క నీటిని తాగేస్తుంది, ఎండ మిగతా తడిని లాగేస్తుంది, ఉప్పు మాత్రం మట్టిలోనే ఉండిపోతుంది. పంట చివరికొచ్చేసరికి డ్రిప్పు గొట్టాల పక్కన తెల్లటి పెచ్చు కట్టేది.

అందుకే ఏటా ఆగస్టులో షెడ్లు ఖాళీ చేసి, ట్యాంకర్లలో మంచినీళ్లు తెప్పించి, మట్టిని ముంచెత్తేవాళ్లు. ఉప్పు వేళ్లకు అందనంత లోతుకు దిగేదాకా నీళ్లు కడుతూనే ఉండాలి. మా ఆయన అక్కడ సూపర్‌వైజరు. ఆ పనికి ఆయన పెట్టిన పేరు తలస్నానం.

ఆ ఏడు తలస్నానం మొదలయ్యే వారంలోనే ఇరాక్ సైన్యం వచ్చింది. మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, మా కఫీల్, కుటుంబంతో సౌదీ వైపు వెళ్లిపోతూ, "ఏం పండించుకుంటారో పండించుకోండి, అంతా మీదే" అన్నాడు. ఆ తర్వాత ట్యాంకర్లు రాలేదు. పెద్ద తొట్టిలో ఉన్న మంచినీళ్లే మిగిలాయి. తాగడానికి పక్కన పెట్టుకుంటే, ఒక్క షెడ్డు కడగడానికి సరిపోతాయి.

పాపకు అప్పటికి ఇంకా పళ్లు రాలేదు. భయానికో ఏమో నా పాలు ఎండిపోయాయి. పట్నంలో, మిష్రిఫ్‌లో ఉండిపోయిన కఫీల్ చెల్లెలు కబురు పంపింది, మా షెడ్లలో పండే కీరాలు తెస్తే పాలడబ్బాలిస్తానని. బజార్లో పాలపొడి కనిపించడం మానేసింది. కాబట్టి నాకు కీరా అంటే పాలే.

ఉన్నవి రెండు షెడ్లు. ఒకటి మా కడప వాళ్లు చూసేది, రెండోది నిజామాబాద్ వాళ్లది. పంట ఎవరిది వాళ్లదే అన్నాక తగువు రాక మానుతుందా?

"ఒగ షెడ్డుకే అన్నీ కట్టల్ల సార్. అర్ధం నీళ్లకు ఉప్పు యాడ దిగుతాది?" అన్నాడు మావాళ్లలో పెద్దాయన.

"మంచిదే. గా ఒక్కటి మాది కానియ్యి మరి," నవ్వాడు నిజామాబాద్ మేస్త్రీ.

"మీదెందుకయితాది? మా షెడ్డు తొట్టికి దగ్గర!"

"దగ్గరున్నోనికే ఆకలైతదా? గిదేం లెక్కనే కాకా? సారు మీ దిక్కోడని చెప్పరాదు!"

ఆ మాటతో మా ఆయన ముఖం వాడిపోయింది. ఒకే షెడ్డు కడగాలని ఆయనకూ తెలుసు. పండింది అందరూ పంచుకుందామని అడిగి చూశాడు. కోతకొచ్చేదాకా ఎవరుంటారో, ఎవరు పోతారో తెలియని రోజులు, ఎవరూ నమ్మలేదు. చివరికి, "చెరి సగం. ఖలాస్" అన్నాడు.

నీళ్లు మోచేతి లోతు దాకా దిగి ఆగిపోయాయి. పైన పెచ్చు కరిగి, మట్టి నల్లగా, శుభ్రంగా కనిపించింది. అందరికీ ధైర్యమొచ్చింది. సెప్టెంబరులో ఎండ కాస్త తగ్గాక విత్తనం పెట్టారు. మొలకలొచ్చాయి. పాపను చంకనేసుకుని రోజూ రెండు షెడ్లూ తిరిగేదాన్ని, ఎవరి మొక్కలు ముందు పూస్తాయా అని.

కానీ లోతుకు పోని ఉప్పు వేళ్ల కిందే ఉంది. ఆ వేడికి తడి పైకి ఎగబాకుతుంటే దాంతో పాటు అదీ వచ్చింది. పైనుంచి మేం కట్టేది మళ్లీ బోరు ఉప్పునీళ్లే. మూడాకుల దశలో ఆకుల అంచులు కాల్చినట్టు గోధుమరంగుకు తిరిగాయి. మట్టి తడిగానే ఉన్నా మొక్కలు దాహంతో వాలిపోయాయి. బలం చాల్లేదనుకుని ఎవరో కాస్త యూరియా కూడా వేశారు. ఉప్పు మీద ఆ ఘాటు కూడా పడి మిగిలినవీ పోయాయి.

రెండు షెడ్లూ ఒకేసారి చచ్చాయి. మా పెద్దాయనా, నిజామాబాద్ మేస్త్రీ గుమ్మాల దగ్గర నిలబడి ఒకరి షెడ్డులోకి ఒకరు చూసుకున్నారు.

"సమానంగనే పంచినవ్ సారూ," అన్నాడు మేస్త్రీ. ఎగతాళో, ఏడుపో తెలియలేదు.

మా ఆయన తల వంచుకుని, మళ్లీ పైకి తేలిన తెల్లటి పెచ్చును చెప్పుతో చిదుపుతూ ఉండిపోయాడు.

మిష్రిఫ్‌కు ఏం తీసుకెళ్లాలి? ఇంట్లో మిగిలిన ఆఖరి పాలడబ్బాలోని పొడిని నీళ్లెక్కువ పోసి పల్చగా కలుపుతూ వచ్చాను. అడుగు కనిపించిన రోజున, "ఇంకేం చూస్తాం, పదండి" అన్నాను. తాగడానికి దాచిన నీళ్లు డబ్బాలకు నింపుకుని, అందరం ఒకే లారీలో, దేశం చేరడానికి తెరిచి ఉన్న బస్రా దారి పట్టాం. ఆ ఎడారి పొడవునా పాపకు పట్టింది ఆ నీళ్లూ చక్కెరే. మొదట ఏడ్చింది. తర్వాత ఏడవడం మానేసింది. అదే ఎక్కువ భయపెట్టింది.

ఇప్పుడు మా ఊళ్లో, పాప నా పక్కనే పడుకుని ఉంది. వయసుకు తగ్గ బరువు లేదు. పైకి బాగానే ఉందిలెమ్మంటాడు డాక్టరు. కడిగిన మట్టి కూడా పైకి బాగానే కనిపించింది. రాయడం ఆపి, మళ్లీ ఒకసారి దాని ఊపిరి చూస్తాను.