ముందు నడిచే గొంతు

మా ముత్తాత గురజాల దగ్గర ఒక ఊరికి మునసబు. మా తాత అరుగు మీద కూర్చుని మాట్లాడితే ఊరు వినేది. ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండా నోరు తెరవడం మా ఇంట్లో తప్పు. నరసరావుపేట స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లో ఆ అలవాటే నాకు అడ్డం పడింది.

నేను లెక్కల మాస్టర్ని. సోమవారం ఇంగ్లీషులో పాఠం చెప్పి చూపించమని స్కూలు యాజమాన్యం అడిగింది. అది కుదరకపోతే ఉద్యోగం పోతుంది. సెంటర్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను.

నేర్పే అమ్మాయి ఫోన్లో, ఒక పెద్దాయన ఇంగ్లీషులో మాట్లాడే చిన్న క్లిప్ పెట్టి, ఆయనలాగే అనమంది. వాక్యం అయ్యేదాకా ఆగి అప్పజెప్పాను.

"అట్టా కాదు అంకుల్. ఆయన అంటుండగానే వెనకమాలే అనాలి. ఆగితే మాటలు గుర్తుంటయ్, ఆయన లయ రాదు."

"పెద్దమనిషి మాట్లాడుతుంటే మీద పడటం ఏందమ్మా?"

"ఆయన ఫోన్లో ఉన్నాడు. ఏమనుకోడులే."

వెనక బెంచీలో నవ్వారు.

అదే క్లిప్ మళ్లీ మళ్లీ విని, మెల్లగా ఆయన వెంట పడ్డాను. ఆయన ఎక్కడ ఒత్తితే అక్కడ ఒత్తాను. రికార్డు చేసి వింటే దగ్గరగానే ఉంది. అయినా భయం పెరిగింది. ముందు ఆ గొంతు లేకపోతే ఏం చేయాలి?

సోమవారం బోర్డు ముందు నిలబడ్డాను. మొదటి వాక్యం బాగానే వచ్చింది. రెండోది రాలేదు. ఎవరో ముందు మొదలుపెడతారన్నట్టు ఎదురుచూస్తూ ఉండిపోయాను.

కొత్త ఏడాదికి నన్ను తీసుకోలేదు. ఆ వేసవిలో, గురజాల దగ్గర మాకు మిగిలిన మిరప చేను అమ్మేశాం.